కారు రంగు తర్వాత, ముందు దాని ఎత్తు చూద్దాం

కారు కొనేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లని అడిగేది ఒకటే, ఏ రంగు కావాలని. నేనైతే రంగు మగవాళ్లకే వదిలేసి, బండి ఎత్తు మనమే చూసుకోవాలంటాను. వెనక సీట్లో పిల్లల్నీ అత్తగారినీ సామాన్లనీ సర్దుకుని కూర్చునేది మనమే కదా. ఆ బరువుకి కారు ఎంత దిగుతుందో మనకే తెలుస్తుంది.

మా నెమలి నుంచి తిరువూరు వెళ్లాలన్నా, వేణుగోపాలస్వామి దర్శనానికి చుట్టాలు రావాలన్నా వానాకాలం గుంతలు తప్పవు. అలాంటి దారికి మైలేజీ కన్నా, సన్‌రూఫ్ కన్నా, గ్రౌండ్ క్లియరెన్స్, సస్పెన్షన్ ముందు చూడాలని నా అభిప్రాయం. క్లియరెన్స్ అంటే నేలకీ, కారు పొట్ట కింద అన్నిటికన్నా కిందికి వేలాడే భాగానికీ మధ్య ఉన్న ఖాళీ. మారుతి స్విఫ్ట్‌కి 163 మిల్లీమీటర్లనీ, టాటా పంచ్‌కి 187 అనీ, నెక్సాన్‌కి 208 అనీ చెబుతారు. చాలాసార్లు ఈ అంకెలు ఖాళీ బండివి. మనం ఖాళీ బండిలో వెళ్లం.

మా కారుకి టేపు పెట్టి చూశాను. చక్రం పైన ఉండే వంపు అంచు నుంచి నేల వరకు కొలిచి, అయిదుగురం ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేసి మళ్లీ కొలిచాం. ముందు 15, వెనక 45 మిల్లీమీటర్లు దిగింది. అంటే నడుమ పొట్ట సుమారు 30 దిగినట్టు. కాగితం మీద 165 ఉన్నది 135 అయింది. ఊళ్లో సిమెంటుతో సన్నగా, నిటారుగా కట్టిన స్పీడ్ బ్రేకరు 150 ఎత్తు ఉంటే, ముందు చక్రాలు దాటాక పొట్ట దానికి తగిలి తీరుతుంది. రోడ్ల ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంత వెడల్పు ఉంటే చక్రాలతో పాటు కారూ మెల్లగా లేచి దిగుతుంది. సన్నటిది అయితే చక్రాలు అటూ ఇటూ దిగిపోతాయి, దిమ్మె నడుమ మిగిలిపోతుంది.

సస్పెన్షన్ సంగతి ఇక్కడే వస్తుంది. స్ప్రింగులు మెత్తగా ఉంటే షోరూమ్ ముందు నున్నటి రోడ్డు మీద హాయిగా ఉంటుంది. నిండు బరువుతో గుంతలో పడితే అవి పూర్తిగా నొక్కుకుపోయి, రబ్బరు ఆపుకి కొట్టుకుంటాయి. 'దబ్' మని వినిపించేది అదే. కాబట్టి టెస్ట్ డ్రైవుకి ఒక్కరు వెళ్లకండి, ఇంటిల్లిపాదీ ఎక్కండి, గుంతల వీధికే పోనివ్వమనండి. పాత కారు కొంటుంటే ఒక మూల గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి ఆగాలి. రెండు మూడుసార్లు ఊగినా, షాక్ అబ్జార్బరు మీద నూనె తడి కనిపించినా అది అయిపోయినట్టే. స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు పెట్టించి ఎత్తు పెంచుకోమని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల కారు కొంచెం లేస్తుంది, కానీ స్ప్రింగు నొక్కుకునే చోటు తగ్గి, కుదుపు నేరుగా వెన్నుకి తగులుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ ఎత్తుని నమ్మొద్దు. కట్టలేరు పొంగితే వినగడప వైపు రాకపోకలు ఆగిపోవడం మనకి కొత్త కాదు. 'మనది ఎత్తు బండి, దాటేస్తుంది' అనే మాట అక్కడే ప్రాణం తీస్తుంది. ఖాళీ బిందె నీళ్లలో తేలినట్టే కారూ తేలుతుంది. చిన్న కారు అడుగు దాదాపు 5 చదరపు మీటర్లు. అడుగు పైకి నీరు ఒక్క సెంటీమీటరు లేస్తే 50 కిలోల బరువు తేలికవుతుంది. 1000 కిలోల కారుకి ఇరవై సెంటీమీటర్లు చాలు, అంటే నేల నుంచి చూస్తే మోకాలి లోతు కూడా కాదు. అంతకు ముందే చక్రాలు నేలని పట్టు వదులుతాయి, వాగు పక్కకి తోసేస్తుంది. ఎత్తు బండికి ఆ లోతు నాలుగు వేళ్లు పెరుగుతుంది, అంతే.

నిలిచిన నీళ్లలోనూ ఇంకో ప్రమాదం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ల ముందున్న బండ్లూ మునిగాయి. నీళ్లలో ఉన్న కారుని స్టార్ట్ చేస్తే ఇంజిన్ గాలితో పాటు నీరూ పీల్చుకుంటుంది. నీరు గాలిలా నొక్కుకోదు కాబట్టి లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు బీమాలో ఈ నష్టం చాలావరకు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి. మునిగిన బండిని తాళం తిప్పకుండా తోయించి మెకానిక్‌కి చూపించడమే మంచిది.

ఇక ఈసారి మీ ఇంట్లో కారు మాట వస్తే, చేతి సంచిలో టేపు వేసుకుని వెళ్లండి. నిండుగా కూర్చున్నాక ఎంత మిగిలిందో మీరే కొలవండి. మీ వీధి స్పీడ్ బ్రేకరు కన్నా రెండు మూడు వేళ్లయినా ఎక్కువ మిగలకపోతే, ఎంత ముద్దొచ్చే బండి అయినా వద్దనండి. రంగు అప్పుడు మాట్లాడుకోవచ్చు.