చిప్ ఘనం.. తెర నిదానం!

మహబూబ్‌నగర్‌లో బీటెక్ ఫైనలియర్ చదువుతున్న మా పిన్ని కొడుకు ఈమధ్య ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్ ఉన్న గేమింగ్ లాప్‌టాప్ కొన్నాడు. వారం తిరక్కుండానే ఫోన్. ‘‘అన్నా, ఆటలో మనిషి ఉరికితే ఎన్క ఒక నీడ కూడా ఉరుకుతుంది. చిప్ ఖరాబుందా? పెట్టిన పైసలు దండగేనా?’’

చిప్ బాగానే ఉంది. ఇక్కడ రెండు విషయాలు విడివిడిగా చూడాలి. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పేది రిఫ్రెష్ రేట్. తెరమీది ఒక్కో చుక్క రంగు మారడానికి ఎంతసేపు తీసుకుంటుందో చెప్పేది రెస్పాన్స్ టైమ్. డబ్బా మీద మొదటిది పెద్దక్షరాల్లో ఉంటుంది. రెండోది చాలాసార్లు అసలు కనిపించదు.

ముందు మావాణ్ని సెట్టింగ్స్‌లో System > Display > Advanced display తెరవమన్నాను. చూస్తే 144 హెర్ట్జ్ తెర 60 మీద నడుస్తోంది! మీ దాంట్లోనూ ఓసారి చూసుకోండి, ఇది అరుదేమీ కాదు. 144కు మార్చగానే కదలిక సాఫీ అయింది. నీడ మాత్రం పోలేదు.

అప్పుడు HWiNFO అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో Monitor విభాగం తెరిపించి ప్యానెల్ నంబర్ పట్టుకున్నాం. ఆ నంబర్‌తో నెట్‌లో వెతికితే ప్యానెల్ వివరాలు దొరికాయి. రెస్పాన్స్ టైమ్ 30 మిల్లీసెకన్లు. ఇప్పుడు లెక్క వేయండి. 144 హెర్ట్జ్ అంటే దాదాపు 7 మిల్లీసెకన్లకో కొత్త బొమ్మ. చుక్క ఒక రంగులోంచి ఇంకో రంగులోకి పూర్తిగా మారేలోపు నాలుగు బొమ్మలు వచ్చేస్తాయి. పాత బొమ్మ తాలూకు మరకే ఆ నీడ. అన్ని రంగుల మార్పులకూ ఒకే సమయం పట్టదు కాబట్టి ఈ లెక్క అంచనా మాత్రమే. ‘3 మిల్లీసెకన్లు’ అన్న ప్రకటన చూసినప్పుడూ అది ఎలా కొలిచిందో అడగాలి. పద్ధతులు వేరైతే రెండు అంకెలకు పోలికే ఉండదు.

మరి చిప్ దండగేనా? మీరు ఏం నడుపుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటలో ఈ చిప్ సెకనుకు 200 ఫ్రేములు ఇస్తుందనుకోండి, 60 హెర్ట్జ్ తెర చూపించగలిగేది 60 బొమ్మలే. మౌస్ స్పందన కాస్త చురుకవుతుందేమో గానీ, మిగతా శ్రమ కంటికి చేరదు. అదే సైబర్‌పంక్ లాంటి బరువైన ఆటలో సెట్టింగ్స్ పెంచితే చిప్పే అరవై డెబ్బై ఫ్రేముల దగ్గర ఆయాసపడుతుంది. అక్కడ 144 హెర్ట్జ్ తెర ఉన్నా సగం ఖాళీయే. ఇక బ్లెండర్‌లో రెండరింగ్‌కో, మెషీన్ లెర్నింగ్ మోడల్ ట్రైనింగ్‌కో పెడితే తెర ఎంత మందకొడిదైనా చిప్ పనికి తేడా రాదు.

నన్నడిగితే, చదువుకుంటూ ఉద్యోగం వెతికేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది రంగులు. స్పెక్ షీట్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే ఆ తెరలో రంగులు వెలిసిపోయినట్టుంటాయి. యూఐ డిజైన్ చేసేవాళ్లు తమ తెరమీద ఎరుపు సరిపోలేదని పెంచుతారు, అదే డిజైన్ వేరే ఫోన్‌లో చూస్తే కళ్లు చెదిరేలా ఉంటుంది. వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉందా అని అడగండి. వెలుతురు 250 నిట్సే అయితే కిటికీ పక్కన కోడ్ చదవడమూ కష్టమే, కనీసం 300 చూడండి.

ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తుంటాయి. అందుకే మోడల్ నంబర్ చివర్లో ఉండే అక్షరాలతో సహా సరిపోల్చాలి. నల్లగొండలో షాపుకెళ్లినా, సికింద్రాబాద్ సీటీసీకి పోయినా, డెమో పీస్ మీద రెండు నిమిషాలు testufo.com పెట్టించండి. అది నడిచిపోతుంటే వెనకాల తోక ఎంత పొడుగుందో మీ కళ్లకే తెలుస్తుంది.

బడ్జెట్ ఒకటే అయితే ఏది వదులుకోవాలి? హాస్టల్ బల్ల మీదే పెట్టి వాడేవాళ్లకు బలమైన చిప్ నయం. అది బోర్డుకు అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేం. మానిటర్ అయితే రేపైనా కొనుక్కోవచ్చు. రోజూ సంచిలో వేసుకుని కాలేజీకి తీసుకెళ్లేవాళ్లయితే మాత్రం ఒక మెట్టు తక్కువ చిప్, మంచి ప్యానెల్ తీసుకోమంటాను.

‘‘నా తెరనే మార్పించుకోవచ్చా?’’ అనడిగాడు మావాడు. కుదరొచ్చు. కానీ కేబుల్ పిన్నులు సరిపోవాలి, వారంటీ షరతులూ చూసుకోవాలి. వాడికి మానిటరే చెప్పాను. కొనే ముందు ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో Configure Surround, PhysX పేజీ తెరిచి, ఇంకో టీవీని కలిపి చూశాం. హెచ్‌డీఎంఐ పోర్ట్ నేరుగా గ్రాఫిక్స్ చిప్‌కే కలిసి ఉంది. ఇప్పుడు ఆట మానిటర్ మీద, నోట్స్ లాప్‌టాప్ తెర మీద.