బేరియాట్రిక్ సర్జరీ తర్వాత డేట్ ఎందుకు తప్పుతుంది?

బరువు తగ్గే సర్జరీ గురించి అడిగితే అందరూ కిలోల లెక్కే చెబుతారు. పీరియడ్స్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మా పిన్ని కూతురు స్లీవ్ సర్జరీ చేయించుకున్నాక మా ఇద్దరి వాట్సాప్ చాట్ నిండా ఇదే టాపిక్.

అక్కకి పీసీఓఎస్ ఉంది. సర్జరీకి ముందు 112 కిలోలు. నెలసరి మూడు నాలుగు నెలలకోసారి వచ్చేది. సర్జరీ అయిన రెండో నెలలో ఒక్కసారిగా ఎక్కువ బ్లీడింగ్, తొమ్మిది రోజులు! "కుట్లు ఏమైనా ఊడాయేమోనే" అని భయపడిపోయింది.

కుట్లకీ దీనికీ సంబంధం లేదు. పీసీఓఎస్‌లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువ తయారుచేస్తాయి. దాంతో అండం సరిగా విడుదల కాదు. నెలల తరబడి గర్భాశయం లోపలి పొర మందంగా పేరుకుపోతుంది. సర్జరీ తర్వాత కొన్ని వారాల్లోనే ఇన్సులిన్ తగ్గుతుంది, హార్మోన్లు మారతాయి. అప్పుడు పేరుకున్న పొరంతా ఒకేసారి ఊడి వస్తుంది. అక్కకి జరిగింది ఇదేనని డాక్టరమ్మ స్కాన్ చూసి చెప్పారు. ఐదో నెల నుంచి 30 రోజులకోసారి డేట్ రావడం మొదలైంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. "నాకెలాగూ పిల్లలు పుట్టడం కష్టమన్నారుగా" అని అక్క ఏ జాగ్రత్తా తీసుకోలేదు. కానీ అండం ముందు విడుదలవుతుంది, రెండు వారాల తర్వాతే పీరియడ్ వస్తుంది. అంటే డేట్ రాకముందే గర్భం రావచ్చు. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు తల్లికే పోషకాలు చాలవు కాబట్టి 12 నుంచి 18 నెలలు ఆగమంటారు డాక్టర్లు. బైపాస్ చేయించుకున్నవాళ్లకి నోటి మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. అందుకే వాళ్లకి లూప్ లేదా ఇంప్లాంట్ లాంటివి సూచిస్తారు.

కొందరికి ఇందుకు పూర్తి రివర్స్‌లో పీరియడ్స్ ఆగిపోతాయి. తిండి మరీ తగ్గిపోతే, ఒంట్లో శక్తి లేదని మెదడు అండాశయాలకు సిగ్నల్ తగ్గించేస్తుంది. పెద్ద జబ్బు చేసి లేచినవాళ్లలోనూ ఇలాగే జరుగుతుంది. అయితే డేట్ తప్పితే "సర్జరీ వల్లేలే" అనుకోకుండా ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి. అది నెగెటివ్ వచ్చి, మూడు నెలలైనా డేట్ రాకపోతే డాక్టర్‌ని కలవాలి.

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరుసగా తడిసిపోతుంటే మాత్రం వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి. ఈ సర్జరీల తర్వాత ఐరన్ ఒంటికి తక్కువగా పడుతుంది. దానికి ఎక్కువ బ్లీడింగ్ తోడైతే రక్తం త్వరగా తగ్గిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, ఐస్ ముక్కలు నమలాలనిపించడం దాని గుర్తులు. అక్కకి హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఫెర్రిటిన్ కూడా చూశారు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది అదే. ఇప్పుడు అక్క ఫోన్‌లో బరువు పక్కనే డేట్ కూడా నోట్ చేస్తోంది. ప్రతి చెకప్‌లో డాక్టరమ్మ ముందు అడిగేది ఆ డేట్లే.