మొత్తం ఎక్కడ రాయాలి?



చీరాల దగ్గరి వాడరేవు నుంచి ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. వాళ్ల నాన్నకూ, ఇద్దరు బాబాయిలకూ తలా ఒక పడవ ఉన్నది. ఏ పడవకు ఏ చేప ఎన్ని కిలోలు పడిందో కంప్యూటరులో ఎక్సెల్ పట్టికగా రాసేది ఈ అమ్మాయే.

"మాస్టారూ! నిన్న పడింది 170 కిలోలే. పట్టికేమో 340 అంటున్నది. ఇక నా లెక్క వద్దు, కాగితం మీదే రాసుకుంటామంటున్నాడు నాన్న" అన్నది దిగులుగా.

పట్టిక చూశాను. మూడు పడవల కానాగంతలు 40, 30, 20 కిలోలు. వాటి కింద "మొత్తం 90" అని ఒక వరస. తరువాత నెత్తళ్లు 25, 15, 40. వాటి కింద "మొత్తం 80". అట్టడుగున పై అంకెలన్నీ కలిపిన పెద్ద మొత్తం.

తప్పు కనిపెట్టారా? చేపలను ఒకసారీ, వాటి మొత్తాలను మరొకసారీ కూడింది. జవాబు సరిగ్గా రెట్టింపు వస్తే ముందు దీన్నే అనుమానించాలి.

ఇంకో చిక్కు కూడా ఉన్నది. ఎక్కువ పడినది పైకి రావాలని, ఆమె కిలోలను బట్టి వరసలను క్రమంలో పెట్టింది. మొత్తాలు చేపలన్నిటికీ పైకి వచ్చి కూర్చున్నాయి! ఏది చేపో, ఏది మొత్తమో కంప్యూటరుకు ఏం తెలుసు? పట్టికలో ఉన్న ప్రతి వరసనూ అది కదిలిస్తుంది.

అందుచేత మొత్తాలను పట్టికలోంచి తీసి పైన పెట్టాం. 1వ వరసలో పెద్ద మొత్తం, 2, 3 వరసల్లో ఒక్కొక్క చేప మొత్తం. 4వ వరస ఖాళీ; అది కంచె వంటిది. 5వ వరసలో పడవ, చేప, కిలోలు అనే శీర్షికలు. 6 నుంచి చేపల వరసలు. B2 గడిలో కానాగంతలు అనీ, B3 గడిలో నెత్తళ్లు అనీ రాసి, C1, C2, C3 గడుల్లో వరసగా ఇవి రాశాం:

```
=SUM(C6:C200)
=SUMIF(B$6:B$200,B2,C$6:C$200)
=SUMIF(B$6:B$200,B3,C$6:C$200)
```

రెండో సూత్రం ఏం చేస్తుంది? B నిలువు వరసలో కానాగంతలు అని ఉన్నచోటల్లా పక్కనున్న కిలోలను ఏరి కూడుతుంది. చేపల వరసలు ఎటు తారుమారైనా దానికి లెక్కలేదు. 200 దాకా రాశాం కనుక, రేపటి చేపలను కింద చేర్చినా కలుస్తాయి.

ఇప్పుడు 90, 80, పైన 170. ఎన్నిసార్లు క్రమం మార్చినా అంతే.

అయితే ఒక్క జాగ్రత్త. 15 కిలోల వరసలో "నెత్తల్లు" అని రాసి చూశాం. నెత్తళ్ల మొత్తం 65కు పడిపోయింది. పైన మాత్రం 170 అలాగే ఉన్నది. చేపల మొత్తాలను కలిపితే 155. తేడా వచ్చిన 15 కిలోల వరసను వెతికితే తప్పు దొరికింది. అందుకే రోజూ ఆ రెండూ కలిపి, పై మొత్తంతో సరిచూడాలి.

మీకొక ప్రశ్న. మరునాడు అదే పట్టికలో 12 కిలోల వంజరం ఒక వరసగా చేర్చారు. పైన దానికి మొత్తం వరస పెట్టడం మరిచారు. C1 లో ఎంత ఉంటుంది? C2, C3 కలిపితే ఎంత?