జర్మనీలో నర్సు కొలువు: బి1తో ప్రవేశం, బి2తోనే గుర్తింపు

నిపుణులైన భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. అయితే నర్సులకు అసలు గడప వీసా కాదు, భాష. ‘ట్రిపుల్ విన్’ పథకంలో ఇక్కడ బి1 స్థాయి పూర్తిచేసినవారు జర్మనీ చేరుకోగలరు. కానీ నర్సుగా వృత్తి గుర్తింపు పొందాలంటే సాధారణంగా బి2 కావాలి. అంతవరకు సహాయక సిబ్బందిగా, తక్కువ వేతనానికే పనిచేయాలి.

ఈ రెండు స్థాయుల మధ్య అంతరం వార్డులో బయటపడుతుంది. రోగిని పలకరించడానికి బి1 సరిపోతుంది. షిఫ్టు మారేటప్పుడు అతని పరిస్థితిని వివరించడానికి, వైద్యుడు నోటితో చెప్పిన ఆదేశాన్ని పొరపాటు లేకుండా నమోదు చేయడానికి చాలదు. అందువల్ల బి2 శిక్షణ ఖర్చు ఎవరిది, గుర్తింపు వచ్చేవరకు వేతనమెంత, పరీక్ష తప్పితే పరిస్థితి ఏమిటన్నవి ఒప్పందంపై సంతకానికి ముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి.