ఒక మెట్టు కొలిచి మేడెక్కొద్దు

మా అమ్మమ్మ వాళ్ల డాబా మెట్లు పాతబడిపోయాయి. లోపల ఊచలు తుప్పుపట్టి, సిమెంటు పెచ్చులుగా ఊడిపోతోంది. వాటిని తీయించి అదే చోట ఇనుప మెట్లు పెట్టిద్దామని మా మావయ్య అనుకున్నాడు. వెల్డింగ్ షాపు ఆయన ఎత్తెంత, మెట్లెన్ని అని అడిగాడట. ఇంట్లో ఇంజనీరింగ్ చదివేవాణ్ణి నేనున్నాను కదా! కింద నుంచోని ఒక ఫొటో తీసి, నాలుగో మెట్టుకి టేపు పెట్టి "ఏడంగుళాలు" అని రాసి నాకు వాట్సాప్‌లో పంపాడు. మిగతాది నువ్వు చూస్కోరా అన్నాడు.

నేను చూసుకున్నాను. అయిదు నిమిషాల్లో జవాబు పంపాను. అది తప్పు. ఎలా తప్పయిందో చెబుతాను, ఎందుకంటే మన హాస్టల్లో "ఫొటో, ఒక కొలత ఉంటే చాలు, మిగతాది లెక్కే" అనేవాళ్లు నాతో కలిపి చాలామందిమి ఉన్నాం. నా అభిప్రాయం ఇప్పుడు మారింది. ఫొటోని మెట్లెన్నో అడగొచ్చు. ఎత్తెంతో మాత్రం అడక్కూడదు.

ముందు లెక్కపెట్టడం సంగతి. ఫొటోలో కాలు పెట్టే పలకలు పదహారు కనిపించాయి. పదహారో పలక మీంచి డాబా మీదకి ఇంకో అడుగు ఎక్కాలి. అంటే ఎక్కాల్సిన ఎత్తులు పదిహేడు. పలకల కంటే ఎత్తులు ఎప్పుడూ ఒకటి ఎక్కువే, ఎందుకంటే ఆఖరి పలక డాబాయే. ఇంకో చిక్కుంది. ఫొటో తీసినవాడి కంటి ఎత్తు దాదాపు అయిదడుగులు. ఎనిమిదో మెట్టు దాటాక పలకల పైభాగం కెమెరాకి కనపడదు, నిలువు ముఖాలే ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అన్నీ ఒకే సున్నం రంగులో ఉంటే రెండు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. అందుకే లెక్క కోసమైతే పక్క నుంచి తీసిన ఫొటో అడగాలి. అందులో మెట్ల అంచు రంపం పళ్లలా తెలుస్తుంది.

ఇక ఎత్తు. మొదట స్క్రీన్ మీద కొలిచాను. నాలుగో మెట్టు 84 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 12. మెట్ల అడుగు నుంచి డాబా అంచు దాకా 1,296 పిక్సెళ్లు. భాగిస్తే 108 అంగుళాలు, సరిగ్గా తొమ్మిదడుగులు. రౌండు సంఖ్య వచ్చేసరికి సంబరపడ్డాను కూడా. కానీ మెట్లు పైకి మాత్రమే పోవు, వెనక్కి కూడా పోతాయి. ఒక్కో పలక పది అంగుళాలు లోపలికి ఉంటే, పై మెట్టు కింది మెట్టు కంటే పదమూడు అడుగులు దూరంలో ఉన్నట్టు. దూరమైన కొద్దీ ప్రతి అంగుళానికీ తక్కువ పిక్సెళ్లు వస్తాయి. నాలుగో మెట్టు దగ్గర తయారుచేసిన స్కేలు నాలుగో మెట్టుకే చెల్లుతుంది.

అది గుర్తొచ్చి పిక్సెళ్లు వదిలేసి గుణకారానికి దిగాను. పదిహేడు ఏడులు 119 అంగుళాలు, అంటే తొమ్మిదడుగుల పదకొండు. ఇదే ఖాయమని మావయ్యకి పంపాను.

వెల్డింగ్ ఆయన ఇనుము కోసేముందు తనే ఒకసారి వచ్చి చూసుకున్నాడు. పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, డాబా గచ్చు మట్టాన్ని మెట్లు మొదలయ్యేచోట నాటిన కర్ర మీదకి దించి, అక్కణ్ణుంచి కిందికి టేపు పెట్టాడు. డాబా అంచు నుంచి టేపు నేరుగా వేలాడదీసి ఉంటే సరిపోయేది కాదు. అక్కడి నేల వేరు, మెట్ల మొదట్లో నేల వేరు, వాకిలి నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది కదా. ఆయనకి వచ్చింది 116 అంగుళాలు. నా లెక్క కంటే మూడంగుళాలు తక్కువ.

మూడంగుళాలు ఎక్కడికి పోయాయి? పండక్కి ఊరెళ్లినప్పుడు నేనే టేపు పట్టుకుని కూర్చున్నాను. కింది మెట్టు నాలుగున్నర అంగుళాలే. ఎప్పుడో వాకిట్లో గచ్చు వేసి మెరక చేశారు, ఆ మెట్టు సగం పూడింది. పై మెట్టు ఎనిమిది అంగుళాలు. డాబా కారుతోందని మీద ఇంకో పొర వేశారు. మధ్యలో మెట్లు అయిదు కలిపి కొలిస్తే ముప్ఫై నాలుగున్నర, అంటే ఒక్కోటీ 6.9. అలాంటివి పదిహేను, మొత్తం 103.5. దానికి నాలుగున్నర, ఎనిమిది కలిపితే 116. సరిగ్గా ఆయన చెప్పినదే.

ఆ 6.9ని మావయ్య టేపు మీద ఏడుగా చదివాడు. అందులో తప్పేం లేదు, ఒరిగిపోయిన అంచు మీద టేపు పావు అంగుళం అటూ ఇటూ అవడం మామూలే. కానీ ఒక మెట్టు మీద పావు అంగుళం, పదిహేడు మెట్లకి నాలుగుంబావు అంగుళాలు. కొలత ఒకటే తీసుకుని గుణిస్తే దాని తప్పూ గుణించుకుంటుంది. అయిదు కలిపి కొలిస్తే అదే పావు అంగుళం అయిదింటికి పంచుకుంటుంది.

నా లెక్క ప్రకారం మెట్లు కోసి ఉంటే ఏమయ్యేదో చూడండి. ఏడేసి అంగుళాల చొప్పున పదహారు పలకలు, 112 అంగుళాలు. పైన మిగిలేది నాలుగు. పదహారుసార్లు ఏడంగుళాలు ఎత్తిన కాలు పదిహేడోసారి కూడా ఏడే ఎత్తుతుంది. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం, మొదటి అడుగుకే అంచనా తప్పుతుంది. అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్‌లో ఒకే వరుస మెట్లలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా అంగుళంలో ఎనిమిదింట మూడో వంతు దాటకూడదని ఉంది. నేను మూడంగుళాల తేడా కట్టించబోయాను, వడియాల చేటతో పైకెక్కే అమ్మమ్మ కోసం.

ఫొటో లెక్క పూర్తిగా దండగ అనను. ఇనుము ఎంత పడుతుంది, ఖర్చు ఎంత అవుతుంది అనే మాటకి "పదడుగుల లోపు, పదిహేడు మెట్లు" చాలు. అప్పుడు కూడా ఒక మెట్టు కాదు, మూడు కొలతలు అడగాలి: కింది మెట్టు, పై మెట్టు, మధ్యలో ఒక అయిదు కలిపి. కోతకి మాత్రం నేల నుంచి నేలకి కొలిచిన మొత్తం ఎత్తే ఆధారం. 116ని పదిహేడుతో భాగిస్తే 6.82. కొత్త మెట్లన్నీ అదే ఎత్తులో వచ్చాయి.

ఇంకొక్కటి చెప్పాలి. ఫొటో పంపిన రోజు ఫోన్లో వెనకనుంచి అమ్మమ్మ అంటూనే ఉంది: "ఆ పై మెట్టు దగ్గరే కాలు తట్టుకుంటోంది నాయనా, వాడికి చెప్పు." నాకు వినిపించింది. అదొక కొలత అని నాకప్పుడు తట్టలేదు.