మార్కులు వెయ్యని షీట్‌లో ఎంత రాయాలి?

ట్యూషన్‌లో పిల్లలు నన్ను తరచూ అడిగే డౌట్: "సార్, వర్క్‌షీట్‌లో మార్కులు వెయ్యలేదు. స్టెప్స్ రాయాలా, ఆన్సర్ రాస్తే చాలా?"

నేనైతే ముందు ప్రశ్నలో చివరి మాట చూస్తా. "విలువ ఎంత?" అని అడిగి పక్కన చిన్న గీత ఇస్తే ఆన్సర్ చాలు. "సాధించండి", "నిరూపించండి" అంటే మాత్రం స్టెప్స్ తప్పవు.

ఎందుకో ఈ లెక్కలో చూడండి: √(x + 6) = x. రెండు వైపులా వర్గం చేస్తే x² − x − 6 = 0 వస్తుంది. కారణాంకాలుగా రాస్తే (x − 3)(x + 2) = 0. అంటే x = 3 లేదా −2. కానీ x దగ్గర −2 పెట్టి చూస్తే ఎడమవైపు √4, అంటే 2. కుడివైపు −2. కుదరదు. కాబట్టి జవాబు 3 ఒక్కటే.

ఉత్త "3" అని రాస్తే, −2ని మీరు సరిచూసి కొట్టేశారో, అసలు అది వస్తుందనే గమనించలేదో దిద్దేవాళ్లకి తెలీదు. "3, −2" అని మాత్రమే రాస్తే, రేపు తిరగేసినప్పుడు ఎక్కడ తప్పామో మీకే దొరకదు.

అలాగని ప్రతి కూడికా, తీసివేతా రాయక్కర్లేదు. వర్గం చేసిన లైను, కారణాంకాల లైను, సరిచూసిన లైను. ఈ లెక్కకి ఆ మూడూ ఉంటే చాలు.