ప్రొటీన్‌కు ఏ నీళ్లు పడతాయి?

నెక్కొండ నుంచి హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్లిన పిల్ల వారం తిరక్కుండానే జ్వరంతో ఇంటికొస్తే, నాయనమ్మ చెప్పే కారణం ఒక్కటే... ‘అక్కడి నీళ్లు పడలేదు బిడ్డా!’ ఆ పిల్లే పరిశోధక విద్యార్థి అయిందనుకుందాం. నెల రోజులు కష్టపడి బ్యాక్టీరియాలో ఓ ఎంజైమును తయారుచేసి, శుద్ధి చేసి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టింది. తెల్లారి చూస్తే ట్యూబులో తెల్లటి మడ్డి. ఎంజైము కూడా ప్రొటీనే. దానికీ నీళ్లు పడలేదు మరి!

ప్రొటీన్‌ను ఉంచే నీళ్లను ‘బఫర్’ అంటారు. ఆమ్ల, క్షార గుణాలను అదుపులో ఉంచే ద్రావణం అది. పీహెచ్ ఎంతుండాలి, ఉప్పు ఎంత వేయాలి, గ్లిసరాల్ కలపాలా వద్దా అన్నది ఒక్కో ప్రొటీన్‌కు ఒక్కోలా ఉంటుంది. ఒక్కో బఫర్‌లో వారంపాటు ఉంచి చూస్తూ పోతే చదువు అయిపోతుంది తప్ప పని అవదు. అందుకే ప్రయోగశాలల్లో ఓ దగ్గరిదారి ఉంది. పేరు థర్మల్ షిఫ్ట్ పరీక్ష. 2001లో అమెరికాలో కొత్త మందుల వేట కోసం ఈ పద్ధతిని ప్రకటించారు. 2006లో స్వీడన్ పరిశోధకులు దీన్నే ప్రొటీన్‌కు నచ్చే ద్రావణాలు వెతకడానికి వాడారు. అలా దొరికిన పదార్థాలు కలిపినప్పుడు, స్ఫటికాలు వచ్చే అవకాశమున్న మిశ్రమాలు రెట్టింపయ్యాయట.

కిటుకంతా రంగులో ఉంది. ప్రొటీన్ ఓ పొడవాటి దారం. నీళ్లంటే గిట్టని భాగాలను లోపల దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది. వేడి పెరిగితే ఉండ విప్పుకుని ఆ భాగాలు బయటపడతాయి. సైప్రో ఆరెంజ్ అనే రంగు మామూలు నీళ్లలో దాదాపు వెలగదు. ఆ జిడ్డు భాగాలకు అంటుకుందా... మిలమిలా మెరుస్తుంది. అంటే వెలుగు పెరిగిందంటే ప్రొటీన్ విడిపోతోందన్నమాట.

కొలవడానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. కరోనా రోజుల్లో ఊరూరా వినిపించిన ఆర్‌టీపీసీఆర్ యంత్రం చాలు. దాని పళ్లెంలో 96 గుంటలుంటాయి. మన అమ్మాయి 30 బఫర్లు ఎంచుకుని ఒక్కోదాన్ని మూడేసి గుంటల్లో వేసింది. మిగిలిన ఆరింటిలో ప్రొటీన్ లేకుండా బఫరూ రంగూ మాత్రమే. గుంటకు 20 మైక్రోలీటర్లు, అంటే అరచుక్క కూడా ఉండదు. మొత్తం పళ్లేనికి పట్టే ప్రొటీన్ పావు మిల్లీగ్రాము లోపే! బుడగలు లేకుండా చూసుకుని, పైన ప్లాస్టిక్ పొర గట్టిగా అతికించి, 25 డిగ్రీల నుంచి 95 దాకా నిమిషానికో డిగ్రీ చొప్పున వేడిచేస్తే 70 నిమిషాల్లో ఫలితం తెర మీద ఉంటుంది.

గీత మొదట నేలబారుగా సాగి, ఒక్కసారిగా కొండెక్కి, మళ్లీ కిందికి దిగుతుంది. విడిపోయిన ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టడం ఆ దిగుడుకు ఓ కారణం. ఎక్కుడు సగంలో ఉన్న ఉష్ణోగ్రతే కీలకం. దాదాపు సగం ప్రొటీన్ విడిపోయే చోటు అది. ఆమె పాత ఫాస్ఫేట్ బఫర్‌లో అది 44 డిగ్రీలు వచ్చిందనుకోండి. ఉప్పు కలిపిన హెపెస్ బఫర్‌లో 51, దానికి పది శాతం గ్లిసరాల్ చేరిస్తే 53. అంటే తొమ్మిది డిగ్రీలు నయం. అర డిగ్రీ తేడాలను మాత్రం పట్టించుకోకూడదు. మూడు గుంటల మధ్యే అంత తేడా రావచ్చు.

ఇక్కడో మెలిక. ట్రిస్ అనే బఫర్‌ను చాలామంది అలవాటుగా వాడేస్తారు. వేడెక్కేకొద్దీ దాని పీహెచ్ పడిపోతుంది. గది వేడిలో 8 ఉన్నది 53 డిగ్రీల దగ్గర ఇంచుమించు 7.2 అవుతుంది. పీహెచ్ 8 ప్రొటీన్‌కు నచ్చిందో, 7.2 నచ్చిందో ఎలా తెలుస్తుంది? అందుకే ట్రిస్ ఫలితాన్ని హెపెస్ పక్కన పెట్టి చూడాలి.

గీత మొదట్నుంచీ పైనే ఉందంటే రెండు అనుమానాలు. ప్రొటీన్ ముందే విడిపోయి ఉండాలి, లేదా బఫర్‌లో డిటర్జెంట్ ఉండాలి. డిటర్జెంట్ జిడ్డుకు కూడా రంగు అంటుకుంటుంది. ప్రొటీన్ లేని గుంటలు కూడా వెలిగితే దొంగ దొరికినట్టే! ఇక కణాల పొరల్లో ఉండే ప్రొటీన్లకు డిటర్జెంట్ తప్పదు కాబట్టి వాటికి ఈ రంగు సాధారణంగా పనికిరాదు.

ఎక్కువ వేడిని తట్టుకున్నంత మాత్రాన ఫ్రిజ్‌లో నెల్లాళ్లు బాగుంటుందని కాదు. కొన్ని ప్రొటీన్లు విడిపోకుండానే మెల్లగా గుంపుకడతాయి. ఈ పరీక్ష 30 బఫర్లను మూడు నాలుగుకు తగ్గిస్తుందంతే. ఆ నాలుగింటిలోనూ ఎంజైమును వారం రోజులు చల్లగా ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున మడ్డి ఉందేమో చూడాలి. పైన తేరిన ద్రవం తన పని ఇంకా చేస్తోందో లేదో కూడా కొలిచాకే, ఆ అమ్మాయి మళ్లీ బ్యాక్టీరియా పెంచడం మొదలుపెట్టాలి.